కంచికి వెళ్లని కథ... మొదలుపెట్టాలా? వద్దా?

శనివారం రాత్రి. భోజనాలయ్యాయి. ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరారు. స్నేహితుడెవరో చూడమన్న సిరీస్‌ను వెతికి పెట్టబోయాడు అబ్బాయి. ఇంతలో ఫోన్‌లోంచి తలెత్తిన అమ్మాయి 'దీన్ని ఒక్క సీజన్‌తోనే ఆపేశారట. సరైన ముగింపు కూడా లేదట' అంది. 'ముగింపు లేనిదానికి మొదలెందుకు? ఇంకోటి పెట్టు' అని నాన్న తీర్పు. 'అంత బాగుందంటున్నారుగా, ఉన్నంతవరకే చూద్దాం' అని అమ్మ. ఎటూ తేలలేదు. చివరికి ఎప్పుడో చూసేసిన సినిమానే మళ్లీ చూసి పడుకున్నారు!

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కథ కంచికి వెళ్లాకే మనం ఇంటికి వెళ్లాలని చిన్నప్పట్నుంచీ నేర్చుకున్నవాళ్లం. అలాగని సగంలో ఆగినవన్నీ మనకు పనికిరాకుండా పోలేదు. నన్నయ మహాభారతాన్ని అరణ్యపర్వం మధ్యలో ఆపేశాడు. తర్వాత వచ్చిన తిక్కన ఆ మిగిలిన భాగాన్ని వదిలిపెట్టి విరాటపర్వం నుంచి మొదలుపెట్టాడు. ఎర్రన వచ్చి పూరించేదాకా మధ్యలో ఆ ఖాళీ అలాగే ఉంది. అయినా 'ముగించలేదు కాబట్టి నన్నయ వద్దు' అన్న తెలుగువాడు లేడు.

అసలు సంగతేమిటంటే... ఆగిపోయిన సిరీస్‌లన్నీ ఒకేలా ఆగిపోవు. కొన్ని నడిరోడ్డు మీద, అర్ధరాత్రి దింపేసిన బస్సులాంటివి. కొన్ని మన ఊరికి ఒక్క స్టేజీ ముందు ఆగిపోయినవి, నడిచి వెళ్లిపోవచ్చు. ఏది ఏ రకమో మొదలుపెట్టకముందే తెలుసుకునే వీలుంది. అదెలాగో అర్థం కావాలంటే, ఆగిపోయిన సిరీస్ అనగానే అమెరికాలో ముందుగా గుర్తొచ్చే పేరు దగ్గరికి వెళ్లాలి. అదే 'ఫైర్‌ఫ్లై'.

మొదటి భాగం చివర్లో వచ్చింది!

జాస్ వీడన్ సృష్టించిన 'ఫైర్‌ఫ్లై' 2002 సెప్టెంబరు 20న అమెరికాలోని ఫాక్స్ ఛానల్లో మొదలైంది. కథాకాలం 2517. మనుషులు భూమిని వదిలి వేరే గ్రహాలకు చేరారు. నడిమధ్యనున్న గ్రహాల్లో ఐశ్వర్యం, అంచుల్లో ఉన్నవాటిలో గుర్రాలూ తుపాకులూ కరవూ. ఆ రెంటి మధ్యా 'సెరెనిటీ' అనే పాత సరుకుల ఓడ తిరుగుతుంటుంది. దాని కెప్టెన్ మాల్కం రెనాల్డ్స్ (నటుడు నేథన్ ఫిలియన్) ఒకప్పుడు యుద్ధంలో ఓడిపోయిన పక్షాన పోరాడినవాడు. చిన్నాచితకా దొంగరవాణాలు చేసుకుంటూ, ప్రభుత్వం కంటపడకుండా బతుకుతుంటాడు. ఓడలో మొత్తం తొమ్మిదిమంది. ఇంధనం కొనడానికే డబ్బు చాలని ఆ ఓడలో, ఒక ఉమ్మడి కుటుంబంలాగా పోట్లాడుకుంటూ కలిసి తింటూ ఉంటారు.

ఈ కథను పరిచయం చేయడానికి వీడన్ 'సెరెనిటీ' పేరుతోనే రెండు గంటల స్లాటుకు సరిపడే మొదటి భాగం తీశాడు. ఓడిపోయిన యుద్ధంతో ఆరంభమై, కొన్నేళ్లు ముందుకు దూకి, ఓడలోకి కొత్త ప్రయాణికులు ఎక్కడంతో కథ కదులుతుంది. వాళ్లలో సైమన్ అనే యువ వైద్యుడు. అతని వెంట ఒక పెద్ద పెట్టె. దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వడు. ఆ పెట్టెలో ఏముందన్నదే ఆ భాగానికి ప్రాణం. అందులో ఉన్నది అతని చెల్లెలు రివర్. ప్రభుత్వం ఆమె మెదడుమీద ఏవో ప్రయోగాలు చేస్తుంటే తప్పించి తెచ్చాడు. (ఈ సంగతి ముందే చెప్పినందుకు కోప్పడకండి. ఛానల్ వాళ్లు చేసిన పని ముందు ఇదెంత!)

ఫాక్స్ పెద్దలకు ఆ భాగం నచ్చలేదు. ఇంకా చురుగ్గా ఉండే మొదటి భాగం కావాలన్నారు. వీడన్, సహ రచయిత టిమ్ మినియర్ ఇద్దరూ ఒక్క వారాంతంలో కూర్చుని 'ద ట్రైన్ జాబ్' రాసి ఇచ్చారు. ప్రేక్షకులు మొట్టమొదట చూసింది దాన్నే. ఎవరు ఎవరో తెలియదు. ఈ అమ్మాయి ఎందుకలా ఉలిక్కిపడుతుందో తెలియదు. పైగా శుక్రవారం రాత్రి... కుర్రకారు ఇంట్లో ఉండని వేళ. మధ్యమధ్య బేస్‌బాల్ మ్యాచ్‌ల కోసం ప్రసారమే ఆగిపోయేది. భాగాల వరసా తారుమారైంది. ఆరోదిగా రావాల్సిన భాగం నాలుగు, ఐదింటికన్నా ముందే వచ్చేసింది.

డిసెంబరులో సిరీస్‌ను రద్దు చేశారు. అప్పటికి 14 భాగాలు తయారైతే ప్రసారమైనవి 11. చివరిగా, డిసెంబరు 20న వేసింది ఏమిటో తెలుసా? మొదటిదిగా రావాల్సిన 'సెరెనిటీ'! పెట్టెలో ఏముందో అని ప్రేక్షకుడు ఊపిరి బిగబట్టాల్సిన దృశ్యం... ఆ అమ్మాయిని మూడు నెలలుగా చూస్తున్న తర్వాత వచ్చిందన్నమాట.

అందుకే 'ఫైర్‌ఫ్లై మధ్యలో ఆగిపోయింది' అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. 2002లో అమెరికాలో చూసినవాళ్లకు తల ఎక్కడో తోక ఎక్కడో తెలియలేదు. 2003 డిసెంబరులో డీవీడీ వచ్చాక చూసినవాళ్లకు 14 భాగాలూ, అనుకున్న వరసలో దొరికాయి. ఇప్పుడు మొదలుపెట్టేవారు చూసేది ఈ రెండోదాన్ని. కాబట్టి పాత తిట్లన్నీ ఇప్పటి ప్రేక్షకుడికి వర్తించవు. కాకపోతే ఒక జాగ్రత్త. తెరమీద జాబితాలో మొదటి భాగం పేరు 'సెరెనిటీ' అని ఉందో లేదో చూసుకోవాలి. 'ద ట్రైన్ జాబ్' ముందుంటే అది పాత ప్రసారాల వరస. చివర ఉండాల్సింది 'ఆబ్జెక్ట్స్ ఇన్ స్పేస్'.

చిన్న ముడి... పెద్ద ముడి

మరి ఆ 14 భాగాలు చూశాక మనసులో ఎంత వెలితి మిగులుతుంది? దీనికి జవాబు కథ ఆగిన చోట దొరకదు, అల్లిన తీరులో ఉంటుంది.

'ద ట్రైన్ జాబ్'నే తీసుకోండి. రైల్లో వెళుతున్న రెండు పెట్టెలు కొట్టేసి తెమ్మని నిస్కా అనే కర్కోటకుడు మాల్కంకి పని అప్పగిస్తాడు. పని అయిపోతుంది. తీరా చూస్తే ఆ పెట్టెల్లో ఉన్నది గనుల ఊళ్లో రోగులకు వెళుతున్న మందులు. ఇప్పుడేం చేయాలి? నిస్కాకు ఇస్తే ఊరు చస్తుంది. ఇవ్వకపోతే నిస్కా చంపుతాడు. ఈ ప్రశ్న ఆ భాగంలోనే పుడుతుంది, ముప్పావు గంట తిరక్కముందే జవాబు చెప్పేసి ముగుస్తుంది. ఇది చిన్న ముడి. నిస్కా పగ మరో భాగంలో మళ్లీ వస్తుంది గానీ, ఈ భాగం వరకూ కథ కంచికి వెళ్లినట్టే.

పెద్ద ముళ్లూ ఉన్నాయి. రివర్‌ను ఏం చేశారు? ఓడలోని ముసలి మతగురువు బుక్ అసలు ఎవరు, ఆయన్ని చూసి ప్రభుత్వ సైనికులు ఎందుకు మర్యాద చేస్తారు? ఇనారా తన మంచి బతుకు వదులుకుని ఈ డొక్కు ఓడలోని షటిల్‌ను ఎందుకు అద్దెకు తీసుకుంది? ఇవి నెమ్మదిగా సాగే ప్రశ్నలు. రచయితలు ఏళ్ల తరబడి సాగుతుందనుకుని వీటిని తాపీగా నాటారు.

లెక్క వేస్తే ఒక్కో భాగంలో పాతిక నిమిషాలకు పైగా చిన్న ముడి విప్పడానికే పోతుంది. పెద్ద ముడికి దక్కేది రెండో మూడో సన్నివేశాలు. అందువల్ల సిరీస్‌ను ఎక్కడ కోసినా చేతిలో మిగిలేది పదమూడు, పద్నాలుగు పూర్తి కథలు, మూడు జవాబులేని ప్రశ్నలు. సీజన్ నడిమధ్యలో వచ్చే 'అవుట్ ఆఫ్ గ్యాస్' చూసినవారికి ఇది బాగా తెలుస్తుంది. ఓడ పాడై గాలి అయిపోతుంటుంది. గాయపడిన కెప్టెన్ ఒక్కడే మిగులుతాడు. మధ్యమధ్యలో ఈ ఓడలోకి ఒక్కొక్కరూ ఎలా వచ్చారో పాత జ్ఞాపకాలు. దానికి ముందూ వెనకా ఏమీ లేకపోయినా అదొక సంపూర్ణమైన చిన్న సినిమా.

పైగా ఈ సిరీస్‌కు ఇంకో అదృష్టం పట్టింది. అభిమానుల పట్టుదల, డీవీడీల అమ్మకాలు చూసి యూనివర్సల్ సంస్థ సినిమాకు ఒప్పుకుంది. 'సెరెనిటీ' అన్న పేరుతోనే (మళ్లీ!) 2005 సెప్టెంబరు 30న అమెరికాలో విడుదలైంది. రెండు గంటల ఆ సినిమా మొదటి ప్రశ్నకు జవాబు చెప్పేసింది. రివర్ కథకు ముగింపు ఇచ్చింది. దాదాపు 4 కోట్ల డాలర్ల ఖర్చుతో తీస్తే థియేటర్లలో వచ్చింది దాదాపు అంతే కావడంతో ఇంకో సినిమా ఊసు రాలేదు. బుక్ ఎవరన్నది 2010లో బొమ్మల పుస్తకంగా చెప్పారు. ఇనారా సంగతి మాత్రం తెరమీద తేలకుండానే మిగిలిపోయింది.

అంటే ఇప్పుడు 'ఫైర్‌ఫ్లై' మొదలుపెట్టే కుటుంబానికి ముందున్న బేరం ఇదీ: సిరీస్‌కు సుమారు 11 గంటలు, సినిమాకు 2 గంటలు. రోజుకో భాగం చొప్పున రెండు వారాలు, పదిహేనో రోజున సినిమా. బదులుగా పెద్ద ప్రశ్నకు జవాబు దొరుకుతుంది, ఒకటి రెండు చిన్న కుతూహలాలు తీరవు. ఇది నష్టం బేరం కానేకాదు. ఒక్క మాట... సిరీస్ చూడకుండా సినిమా ముందు చూడొద్దు. సినిమాలో కొందరు చనిపోతారు. వాళ్లతో పద్నాలుగు రాత్రులు గడిపినవారికే ఆ చావుల విలువ తెలుస్తుంది. పిల్లలతో చూసేవారికి ఇంకో మాట కూడా: మనుషుల్ని పీక్కుతినే 'రీవర్లు' నిజంగానే భయపెడతారు, ఇనారా వృత్తి గురించి ప్రశ్నలూ వస్తాయి. హైస్కూలు దాటినవాళ్లతో చూడటం మేలు.

ముందే తీసి దాచుకున్న ముగింపు

ఒక్క సీజన్‌తో ఆగినా ముగింపు ఉన్న సిరీస్‌లూ ఉంటాయి. వాటి రహస్యం: తీసేవాళ్లకు కత్తి ముందే కనిపించడం.

ఎన్‌బీసీలో 1999 సెప్టెంబరులో మొదలైన 'ఫ్రీక్స్ అండ్ గీక్స్' అలాంటిదే. 1980లో మిషిగన్‌లోని ఒక హైస్కూలు. చదువులో ముందుండే లిండ్సే, ఆమె తమ్ముడు శామ్. నాయనమ్మ చావుతో మనసు చెదిరిన లిండ్సే, మంచి మార్కుల పిల్లల్ని వదిలి వెనక బెంచీ వాళ్లతో తిరగడం మొదలుపెడుతుంది. తమ్ముడేమో బడిలో తన్నులు తినకుండా రోజు గడిస్తే చాలనుకునే రకం. హత్యల్లేవు, రహస్యాల్లేవు. ఆటల పీరియడ్‌లో జట్టు ఎంచుకునేటప్పుడు ఆఖరున మిగిలిపోయేవాడి అవమానం లాంటివే ఇందులో పెద్ద సంఘటనలు. జేమ్స్ ఫ్రాంకో, సెత్ రోగన్, జేసన్ సీగెల్ లాంటి తర్వాతి కాలపు తారలు ఇందులో కుర్రాళ్లుగా కనిపిస్తారు.

శనివారం రాత్రి వేళ ఇచ్చారు, ఎవరూ చూడలేదు. వేళ మార్చారు, మధ్యలో వారాలకు వారాలు ఆపారు. సృష్టికర్త పాల్ ఫీగ్, నిర్మాత జడ్ ఆపటౌలకు విషయం అర్థమైపోయింది. రద్దు కబురు వచ్చాక ఏడవడం కన్నా... అని, సీజన్ ఇంకా సాగుతుండగానే ఆఖరి భాగం రాసి, తీసి పక్కన పెట్టేశారు. దాని పేరు 'డిస్కోస్ అండ్ డ్రాగన్స్'. 2000లో వాళ్లు ఊహించినట్టే సిరీస్ రద్దయింది. కానీ 18 భాగాల చివర్లో లిండ్సే ఒక నిర్ణయం తీసుకుంటుంది, కథ అక్కడ ఆగుతుంది. తర్వాత ఏమైందో చెప్పరు. చెప్పాల్సిన పనీ కనిపించదు. సెలవులకు ఊరెళుతున్న పిల్లను బస్టాండులో దిగబెట్టి వచ్చినట్టుంటుంది.

ఇది తీసుకోవాల్సిన బేరమేనా? సందేహం అక్కర్లేదు. ఒక్క పట్టింపు మాత్రం ఉంది. గంజాయి, తాగుడు లాంటివి కుర్రాళ్ల జీవితంలో ఎలా వస్తాయో దాచకుండా చూపిస్తారు. పదిహేనేళ్ల పిల్లలున్న ఇంట్లో కలిసి చూస్తే ఇబ్బందీ ఉంటుంది, మాట్లాడుకోవడానికి దారీ దొరుకుతుంది.

ఓడ ఎక్కితే దిగలేరు!

ఇక నాన్నగారి తీర్పు నూటికి నూరుపాళ్లూ సరైన చోటుకు వద్దాం. 2022 నవంబరు 17న నెట్‌ఫ్లిక్స్‌లో '1899' విడుదలైంది. జర్మనీకి చెందిన దంపతులు బారన్ బో ఒడార్, యాంట్యే ఫ్రీజ దీన్ని తయారుచేశారు. అంతకుముందు 'డార్క్' తీసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నది వీళ్లే. కథ చూస్తే ఊరించేదే. 1899లో యూరప్ నుంచి న్యూయార్క్‌కు 'కెర్బెరోస్' అనే ఆవిరి ఓడ బయల్దేరుతుంది. తలో భాష మాట్లాడే ప్రయాణికులు. నాలుగు నెలల క్రితం మాయమైపోయిన 'ప్రొమీథియస్' అనే ఓడ నుంచి సంకేతం వస్తుంది. కెప్టెన్ దారి మళ్లించి అటు వెళతాడు. ఆ ఓడలో కనిపించేది ఒకే ఒక్క పిల్లాడు!

మొత్తం 8 భాగాలు, ఎనిమిది గంటల లోపే. ఒక్కో భాగం ఒక ప్రశ్నకు సగం జవాబు చెప్పి, రెండు కొత్త ప్రశ్నలు తెచ్చిపెడుతుంది. ఇందులో 'ద ట్రైన్ జాబ్' లాంటి, అక్కడికక్కడే ముగిసే కథ ఒక్కటీ లేదు. చిన్న ముళ్లు లేవు. ఉన్నదంతా ఒకే పెద్ద ముడి. ఎనిమిదో భాగం చివరి నిమిషాల్లో అప్పటిదాకా మనం నమ్మినదంతా తలకిందులవుతుంది. అసలు కథ ఇప్పుడే మొదలైంది అన్నట్టుగా తెరపడుతుంది. అది రెండో సీజన్‌కు వేసిన వంతెన. ఆవలి గట్టు లేదు. 2023 జనవరి 2న సిరీస్‌ను కొనసాగించడం లేదని తయారుచేసినవాళ్లే ప్రకటించారు. 'డార్క్' లాగే దీన్నీ మూడు సీజన్లలో ముగించాలనుకున్నామని కూడా చెప్పారు. అంటే చేతికొచ్చింది మూడో వంతు మాత్రమే.

ఇక్కడ పాత టీవీకీ, ఇప్పటి స్ట్రీమింగ్‌కీ ఉన్న తేడా తెలుసుకోవాలి. వెనకటి రోజుల్లో వారం వారం ప్రసారం నడుస్తుండగానే చిత్రీకరణ కూడా సాగేది. రేటింగులు పడిపోతే తీసేవాళ్లకు ముందుగానే వాసన తగిలేది. 'ఫ్రీక్స్ అండ్ గీక్స్' వాళ్లలాగా ఏదో ఒక ముగింపు అమర్చుకునే సమయం ఉండేది. 'ఫైర్‌ఫ్లై' వాళ్లకు ఆ కాస్తా దొరకలేదు. 'ద మెసేజ్' అనే భాగం తీస్తుండగా రద్దు కబురు వచ్చింది. స్ట్రీమింగ్‌లో అలా కుదరదు. అన్ని భాగాలూ ముందే తీసి, కూర్చి, చాలాసార్లు ఒకేరోజు వదిలేస్తారు. ఎంతమంది చూశారు, ఎంతమంది చివరిదాకా చూశారు, ఎంత ఖర్చయింది అన్న లెక్క ఆ తర్వాతే. '1899' విషయంలో లెక్క తేలడానికి ఆరు వారాలు పట్టింది. అప్పటికి ముగింపు మార్చడానికి ఏముంటుంది? రెండో సీజన్ వస్తుందన్న నమ్మకంతో పెద్ద మలుపు దగ్గర ఆపిన ప్రతి స్ట్రీమింగ్ సిరీస్‌కూ ఈ ప్రమాదం ఉంది.

మరి '1899' చూడకూడదా? ఆ ఓడ, ఆ పొగమంచు, రకరకాల భాషల వాళ్లు ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండానే దగ్గరయ్యే సన్నివేశాలు... ఇవన్నీ చూడదగ్గవే. కానీ ఇలాంటి కథను మనం చూసేది 'ఎందుకిలా జరుగుతోంది' అన్న ప్రశ్న కోసం. జవాబు రాదని ముందే తెలిసి ఎనిమిది గంటలు కూర్చోవడం కష్టం. ఆ దంపతుల పనితనమే చూడాలనుకుంటే 'డార్క్' ఉంది. 2017 నుంచి 2020 మధ్య మూడు సీజన్లు, 26 భాగాలు, తలపోటు వచ్చేంత చిక్కుముడి. అయితే చివరి భాగం దాకా వెళితే ముడి విడుతుంది. '1899'కు మూడు రెట్లకు పైగా సమయం అడుగుతుంది కానీ బాకీ పెట్టదు.

మొదటి భాగాన్ని ఇలా చూడాలి

ఈ మూడూ చూశాక కొత్తగా ఎవరైనా ఆగిపోయిన సిరీస్ పేరు చెబితే ఏం చేయాలో కొంత తేలికవుతుంది. ముందు అది ఎలా ఆగిందో వెతకాలి. రద్దు కబురు ఆఖరి భాగం తీయకముందు వచ్చిందా, తీశాక వచ్చిందా అన్నది పాత వార్తల్లో సులభంగానే దొరుకుతుంది. ముందే వస్తే ఏదో ఒక ముగింపు ఉండే అవకాశం ఎక్కువ. తర్వాత సినిమాగానో పుస్తకంగానో మిగతా కథ చెప్పారేమో కూడా చూసుకోవాలి. ఇంతవరకూ వెతికితే చాలు. అంతకు మించి చదివితే కథంతా తెలిసిపోయి, చూడాల్సిన అవసరమే పోతుంది.

తర్వాత మొదటి భాగం ఒక్కటి చూడాలి. అది ముగిసినప్పుడు ఇంట్లోవాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో వినండి. 'ఆ కెప్టెన్ భలే ఉన్నాడే', 'పాపం ఆ తమ్ముడు' అంటున్నారా? అయితే వాళ్లు మనుషుల కోసం చూస్తున్నారు, ఎక్కడ ఆగినా పెద్ద నష్టం ఉండదు. 'ఆ పిల్లాడు ఎవరై ఉంటాడు? ఆ గుర్తుకు అర్థమేంటి?' అని వాదించుకుంటున్నారా? వాళ్లు జవాబు కోసం చూస్తున్నారు. జవాబు లేదని తెలిసిన కథను అక్కడితో ఆపేయడమే మంచిది. మొదటి గంట దగ్గర ఆపితే పోయేది ఒక్క గంట. అయిదో భాగం దాటాక ఆపడం ఎవరివల్లా కాదు.

మొదటి భాగంతో తేల్చుకోలేకపోతే రెండోది కూడా చూడొచ్చు. చాలా సిరీస్‌ల్లో మొదటి భాగం పరిచయాలకే సరిపోతుంది. అసలు అల్లిక ఎలా ఉంటుందో, ప్రతి భాగంలోనూ ఏదో ఒకటి ముగుస్తుందో లేదో రెండోదాంట్లోనే బయటపడుతుంది. 'ఫైర్‌ఫ్లై'లో ఆ రెండోది 'ద ట్రైన్ జాబ్'. ఛానల్ వాళ్లు ముందు పెట్టి చెడగొట్టిన ఆ భాగం, తన స్థానంలో తాను వచ్చినప్పుడు ఎంత చక్కగా ఉంటుందో! మందుల పెట్టెల్ని మాల్కం ఏం చేశాడో చూశాక కూడా మీ ఇంట్లో ఎవరికీ మూడోది చూడాలనిపించకపోతే, ఆ సిరీస్ మీది కాదన్నమాట. ముగింపు ఉన్నా లేకపోయినా ఒకటే.